అర చెంచా పొడి

నా కడుపు కోడుమూరు బస్టాండులో ఆగిన పాత బస్సు లాంటిది. ఎక్కేవాళ్ళు ఎక్కుతూనే ఉంటారు, బండి మాత్రం కదలదు. ఎప్పుడో దయ పుడితే నాలుగడుగులు కదిలి మళ్ళీ ఆగుతుంది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు. పొద్దున్నే చెంబు పట్టుకుని చేను గట్టుకు పోయి ఎంతసేపటికి తిరిగొస్తానో చూసి ఊరే చెప్పుకునేది. చేను గట్టు అన్నది అబద్ధం లెండి. ఇంటి వెనక మరుగుదొడ్డి కట్టించి చాలా ఏళ్ళయింది. చేను గట్టంటే వినడానికి బాగుంటుందని రాశాను.

నేను ఒకటిని నాలుగు చేసి చెప్పే మనిషిని. కాసేపటికి నేనే సిగ్గుపడి మూడింటిని వెనక్కి తీసుకుంటాను. మా ఇంట్లో వాళ్ళకు నా మాటను సగానికి కోసి వినడం అలవాటు. ఒక్కసారి మాత్రం మా ఆమె కోయకుండా విన్నది. ఆ ఒక్కసారి ఏం జరిగిందో చెబుతాను.

మా పాప, అల్లుడు మైదుకూరులో మందుల షాపు నడుపుతారు. పోయిన వానాకాలం, మేము చేన్లో ఉల్లి విత్తిన కొన్నాళ్ళకు, పాప వచ్చి నా ముందు ఒక డబ్బా పెట్టింది. లోపల తెల్లని పొడి. నాలుక మీద వేసుకుంటే కొంచెం తియ్యగా ఉంది.

"ఏంది పాపా ఇది, పాలపొడా?"

"కాదు నాయనా. ఇనులిన్ అంటారు. పీచు. కాఫీ పొడిలో చికోరి కలుపుతారు గదా, ఆ గడ్డలోంచి తీస్తారు. ఇది నీకు అరగదు."

"అరగనిదాన్ని దుడ్లిచ్చి తినాల్నా?"

"నీకు కాదు నాయనా అది. నీ పెద్దపేగులో కంటికి కనపడని జీవాలుంటాయి, మంచివి. వాటికి మేత. అవి దీన్ని తిని పులియబెడతాయి. దాంతో నీకు బయటికి పోయేది సులువయితాది. అయితే పులిసేటప్పుడు గాలి పుడతాది. అందుకే చెప్తాండా, చిన్న చెంచాలో సగం. అంతే. కడుపు అలవాటు పడినంక రవంత రవంత పెంచు. నీళ్ళు బాగా తాగు."

మా ఆమె అప్పుడు ఇంట్లో లేదు, చేన్లో కూలీలతో కలుపు తీయిస్తూ ఉంది. ఈ మాటల్లో ఒక్కటీ ఆమె చెవిన పడలేదు. తర్వాత జరిగినదానికంతా ఇదే మొదలు.

పాప చెప్పింది నాకు కొత్త సంగతి కాదు. ఎండాకాలమంతా ఎండు చొప్ప నమిలిన ఎద్దును తొలివానకు మొలిచిన పచ్చిక మీదికి ఒక్కసారిగా వదిలితే ఏమవుతుందో మా సీమలో పసిపిల్లకైనా తెలుసు. ఎడమ డొక్క డప్పులా ఉబ్బి, ఎద్దు కాళ్ళు చాపుతుంది. అందుకే పచ్చిమేతను చొప్పలో కొంచెం కొంచెం కలిపి అలవాటు చేస్తాం. ఎద్దుకు చేసే ఆ మర్యాద నాకు నేను చేసుకోలేదు. చిన్న చెంచాలో సగం అంటే చీమకు పెట్టినట్టు అనిపించింది. కూర వడ్డించే చెంచా తీసుకుని, దాన్నిండా పొడి ముంచి, మజ్జిగలో కలిపి తాగాను.

మరుసటి రోజు ఆదివారం. మాది తాతల నాటి నుంచి క్రైస్తవుల ఇల్లు. నేను చర్చిలో ముందు బెంచీలో కూర్చునే పెద్దల్లో ఒకణ్ణి. పాటలు పాడినంతసేపూ కడుపులో ఏం జరుగుతున్నా హార్మోనియం కాపాడింది. తర్వాత పాస్టరు గారు, "ఎవరి పాపాలు వారు మౌనంగా దేవుని ముందు ఒప్పుకుందాం" అన్నారు. చర్చి మొత్తం నిశ్శబ్దం. నా పాపాల కన్నా ముందు నా పేగు నోరు తెరిచింది. కిటికీ అద్దాలు అదిరాయి. పైకప్పులో పావురాలు లేచిపోయాయి. ఆడవాళ్ళ వైపు చంటిపిల్ల ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది.

అంత జరగలేదు. మా చర్చికి పావురాలు లేవు. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒక్కడు కళ్ళు తెరవకుండానే, "ఏమప్పా, రాత్రి ఉడకేసిన శెనగలా?" అని గొణిగాడు. అంతే.

ఆ రోజంతా పొట్ట బిర్రుగా, లోపల ఎవరో కుండలు దొర్లిస్తున్నట్టు ఉంది. రెండు రోజులు పొడి ముట్టలేదు. తర్వాత బుద్ధిగా చిన్న చెంచాలో సగంతో మొదలుపెట్టాను. అప్పుడు కూడా కొంచెం గాలి ఉండేది గానీ ఓర్చుకోదగ్గ గాలి. వారం దాటేసరికి అదీ తగ్గింది. తెల్లారి కాఫీ తాగేలోపు బండి కదలడం మొదలైంది. ఈ వయసులో ఇంతకంటే పెద్ద ఆనందం ఏముంటుంది చెప్పండి.

ఆ ఆనందంలో మా ఆమె ముందు గొప్పలకు పోయాను. ఆమె బియ్యంలో రాళ్ళేరుతూ అడిగింది.

"ఏందయ్యా, ఈ మధ్య పొద్దున్నే ఈలేస్తాండావు?"

"పొడి మహిమ మే. ఇరవై ఏండ్ల పిల్లోని కడుపైపోయినాది నాది."

"ఎంత ఏసుకుంటాండావు?"

"పెద్ద చెంచా నిండా."

"గాలి రాలేదా? ఆ ఆదివారం పొట్ట పట్టుకొని తిరిగితివి గదా."

"వచ్చింది. నాలుగు దినాలు ఓర్చుకున్నా. ఐదో దినం పిలిచినా రాలేదు."

పెద్ద చెంచా నిండా తాగింది ఒక్కసారే. దాని గాలిని ఓర్చుకోలేదు, భయపడి మానేశాను. కానీ అర చెంచా తాగేవాడినని చెప్పుకోవడానికి మగతనం అడ్డొచ్చింది. అర చెంచా పొడికి కూడా మగతనం అడ్డొస్తుందని అప్పుడే తెలిసింది.

మా ఆమె కడుపు మొదటి నుంచీ పెంకిది. ఒక వారం బిగదీసుకునేది, ఒక వారం జారిపోయేది. నొప్పి వస్తే ముడుచుకుని పడుకునేది, బయటికి పోయివస్తే తగ్గేది. కాపురానికొచ్చిన కొత్తలో మా అమ్మ దాన్ని దిష్టి అంది. తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. ఇంట్లో గడప ఉన్నట్టు ఆమె కడుపునొప్పి కూడా ఉండేది, అందరమూ దాటిపోతూ ఉండేవాళ్ళం.

ఆమె కూడా పొడి మొదలుపెట్టింది. పెద్ద చెంచా నిండా, నేను చెప్పినట్టే. నేను చూశాను. కాదు చిన్న చెంచా అని అప్పుడే అనొచ్చు. అంటే నా గొప్ప పోతుంది. ఏమవుతుందిలే, గాలే కదా అనుకున్నాను.

రెండో రోజుకే పొట్ట పట్టుకుంది.

"మొదట్లో అట్లే ఉంటాది మే. ఓర్చుకో."

నాలుగు దినాలు ఓర్చుకుంది. ఐదో దినం తగ్గలేదు. వారం దాటింది, తగ్గలేదు. ఆమె నన్ను మళ్ళీ అడగలేదు, నేనూ అడగలేదు. చేన్లో ఉల్లి గడ్డ కట్టే సమయం. తెల్లారి పోతే పొద్దుగూకి వచ్చేవాణ్ణి. ఆమె అన్నం కొంచెమే పెట్టుకుంటున్నదని చూశాను. సాయంత్రమయ్యేసరికి గుమ్మానికి ఆనుకుని నిలబడి, వెన్ను వెనక్కి వంచి, ఊపిరి వదులుతున్నదని చూశాను. చూసి, చేన్లో పనికి మనసు మళ్ళించుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం తొందరగా ఇంటికొచ్చాను. ఆమె లోపలి గదిలో లంగా నాడా విప్పి వదులుగా కట్టుకుంటూ ఉంది. కట్టిన చోట పొట్ట మీద ఎర్రగా గీత. పొట్ట ముందుకు పొడుచుకొచ్చి ఉంది. నన్ను చూడగానే కొంగు లాక్కుంది.

ఆమె అక్క గుర్తుకొచ్చింది. ఆ వదినకు కూడా మొదట ఇట్లాగే. లంగా నాడా బిగుతవుతున్నదని ఒకరోజు నవ్వుతూ చెప్పింది. లావవుతాండావు అని మేమంతా ఎగతాళి చేశాం. ఆ ఎగతాళి చేసినవాళ్ళలో గట్టిగా నవ్వింది నేనే. గ్యాసని మాత్రలు మింగుతూ నెలలు గడిపింది. ఆసుపత్రికి పోయేసరికి అండాశయంలో పుట్టిన కంతి కడుపంతా పాకిందన్నారు. ఆ చివరి రోజుల్లో అక్క కాళ్ళు ఒత్తింది మా ఆమే.

ఆ సాయంత్రం మా ఆమె నన్ను పొయ్యి దగ్గరికి పిలిచింది.

"ఈడికి రా. సంగటి కెలకడం నేర్చుకో."

"నాకెందుకు మే? నువ్వుండావు గదా."

"నేర్చుకుంటే చేయి అరిగిపోతాదా? బియ్యం మెత్తగా ఉడకాల. నీళ్ళు వంచొద్దు. రాగిపిండి గుట్టగా మధ్యలో పోయి. అప్పుడే కలపొద్దు. మూత పెట్టి, పిండి ఉడికిన వాసన వచ్చేదాకా ఆగు. ఆగుమన్నా గదా, తొందరెందుకు? ఆఁ, ఇప్పుడు కట్టె పెట్టి తిప్పు. అంచుల నుంచి. ఉండ కట్టనీవద్దు."

తిప్పాను. ఉండలు కట్టింది. ఆమె తిట్టలేదు. ఎప్పుడూ తిట్టే మనిషి తిట్టకుండా, "రేపు మళ్ళీ చేద్దువు లే" అంది. అప్పుడు అర్థమైంది, ఆమె నాకు సంగటి నేర్పించడం లేదు. తను లేని ఇంట్లో నేను ఎట్లా తింటానో చూసుకుంటున్నది.

కట్టె పక్కన పెట్టి అడిగాను.

"మే, నీ కడుపు పొడి వల్ల ఉబ్బిందేమో. మానెయ్."

"నీకు ఐదో దినం పోయింది గదా. నాకు ఇన్ని దినాలైనా పోలేదు. పొడిదైతే పోవల్ల. ఇది పొడిది కాదు." పొయ్యిలో నిప్పులు ఎగదోస్తూ నెమ్మదిగా అంది. "అక్కకు వచ్చిందే నాకు వచ్చినాది. నాకు తెలుసు. పాపకు చెప్పొద్దు, పంట మార్కెట్టుకు పోనీ."

నా అబద్ధం ఆమె తలలో అంత దూరం నడిచి పోయిందని నాకు అప్పటిదాకా తెలియదు. పెద్ద చెంచా తాగి ఐదు రోజుల్లో కుదుటపడ్డ మొగుడు ఎదురుగా తిరుగుతుంటే, కుదుటపడని తన కడుపులో జబ్బే ఉండాలి కదా. ఆ లెక్కకు పునాది వేసింది నా గొప్పే. అయినా నోరు పెగల్లేదు. పెగిలి, నేను తాగింది అర చెంచానే అని చెబితే, అది అబద్ధాల్లో మరొకటని ఆమె నమ్మకపోతే? నమ్మి, పొడిదేలే అని ఆసుపత్రికి పోకుండా ఊరకుంటే, రేపు నిజంగానే అక్క జబ్బని తేలితే?

బయటికి పోయి పాపకు ఫోను చేశాను. పాప అంతా విన్నది. తర్వాత మొదలుపెట్టింది.

"అమ్మకు ఎవరియ్యమన్నారు నాయనా? పెద్ద చెంచానా? నీకేమన్నా తలకాయ ఉండాదా? ఆమె కడుపు ఎట్లుంటాదో ఇన్నేండ్లు చూస్తాండావు గదా!"

"పొడిదే అంటావా పాపా?"

"కావచ్చు. కాకనూ పోవచ్చు. పెద్దమ్మ సంగతి తెలిసినంక ఊరికే కూర్చోలేం. ఈ పూటే పొడి ఆపేయ్. రేపు కర్నూలుకు పిలుచుకొని పో. నేను డాక్టరుతో మాట్లాడి పెడతా."

ఆ రాత్రి మోకాళ్ళ మీద ప్రార్థన చేశాను. జీవితంలో చాలా తప్పులు చేశాను, అవి నావి కావని దేవుడి ముందు వాదించాను. ఆ రోజు మాత్రం, తండ్రీ, ఈ తప్పు నాదే అయ్యేటట్టు చూడు అని అడిగాను.

కర్నూలులో ఆ డాక్టరమ్మ కడుపు జబ్బులు చూస్తుంది. గదిలో మేమిద్దరం, ఆమె. నేను చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపింది.

"పెద్దాయనా, కడుపు ఆమెది గదా. ఆమెనే చెప్పనీ."

మా ఆమె చెప్పింది. అక్క సంగతి చెప్పేటప్పుడు గొంతు తడబడలేదు, కొంగు చివర మాత్రం వేలికి చుడుతూ ఉంది. డాక్టరమ్మ బల్ల మీద పడుకోబెట్టి పొట్ట మీద వేళ్ళతో తట్టి చూసింది. బరువు తగ్గావా, నెత్తురు పడిందా, రాత్రిళ్ళు నొప్పికి మెలకువ వస్తుందా అని అడిగింది. అన్నిటికీ లేదనే జవాబు.

"పొడిదే అయివుండొచ్చు. కానీ ఈ వయసులో కొత్తగా ఉబ్బరం పట్టుకొని వదలకుంటే, అందులోనూ అక్కకు ఆ జబ్బుండె అంటే, పొడి మీద నెట్టేసి ఇంటికి పంపలేనమ్మా. ముందు స్కాను, రక్తపరీక్ష. తర్వాత మాట్లాడదాం."

స్కానుకు మూత్రాశయం నిండుగా ఉండాలన్నారు. ఉబ్బిన పొట్ట మీద సీసా నీళ్ళు తాగమన్నారు. ఆమె ఒక్కో గుక్క మింగి, కళ్ళు మూసుకుని, మళ్ళీ ఇంకో గుక్క. వరండాలో కుర్చీలన్నీ నిండిపోయాయి. కోసిగి వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం నేల మీద దుప్పటి పరుచుకుని కూర్చుంది. ఎవరి పేరు పిలిచినా లేచి నిలబడేవాణ్ణి. మామూలుగా అయితే ఆ వరండాలో నలుగురిని పోగేసి కబుర్లు చెప్పేవాణ్ణి. ఆ రోజు ఆమె గుక్కలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

"ఏందయ్యా, గమ్మునుండావు?" అంది ఆమె.

"నీళ్ళు తాగు మే."

"రాగిపిండి పాత డబ్బాలో కాదు, స్టీలు డబ్బాలో ఉండాది. పాతదాన్లో పురుగు పట్టినాది."

ఆ మాటకు నేను లేచి గోడ వైపు తిరిగి, అక్కడున్న పోస్టరు చదివినట్టు నిలబడ్డాను. ఏమి పోస్టరో ఇప్పటికీ తెలియదు.

ఆమెను లోపలికి పిలిచారు. తలుపు మూశారు. ఆ తలుపు మూసి ఉన్నంతసేపు నాకు ఒక పంటకాలం గడిచినట్టుంది. పెంచి చెప్పడం లేదు. ఈ ఒక్కదాన్ని మాత్రం తగ్గించుకోను.

కాగితం పట్టుకుని మళ్ళీ డాక్టరమ్మ గదికి పోయాం. ఆమె చదివి, ముందు మా ఆమె ముఖం చూసింది.

"కంతి లేదమ్మా. అండాశయాలు, గర్భసంచి, లివరు అన్నీ బాగుండాయి. కడుపులో నీరు లేదు. పేగుల్లో గాలి మాత్రం దండిగా ఉండాది. రక్తం రిపోర్టు రేపొస్తాది, ఫోనులో చెప్తా. భయపడేట్టు ఏం కనపళ్ళేదు."

మా ఆమె ఏడవలేదు. కుర్చీ అంచు నుంచి వెనక్కి జరిగి ఆనుకుని కూర్చుంది. వచ్చినప్పటి నుంచి అంచునే కూర్చుని ఉన్నదని అప్పుడే గమనించాను.

"ఇప్పుడు చెప్పండి. పొడి ఎంత తింటాండ్రి?"

"పెద్ద చెంచా నిండా. ఈయన అంతే తిన్నాడు. ఐదో దినం గాలి పోయింది ఈయనకు. నాకెందుకు పోలేదు మేడమ్?"

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. మా ఆమె కూడా తిరిగింది. కర్నూలు ఎండ కన్నా వేడిగా ఉంది ఆ గది.

"పెద్ద చెంచా ఒక్కసారే తాగినా మేడమ్. తట్టుకోలేక మానుకున్నా. తర్వాత తాగింది చిన్న చెంచాలో సగం. ఇప్పటికీ అంతే."

మా ఆమె నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత డాక్టరమ్మతో అంది. "ఇంట్లో ఈయన మాట సగమే నమ్ముతాం మేడమ్. ఈసారి సగం గూడా ఎక్కువే అయినాది."

డాక్టరమ్మకు నవ్వు వచ్చింది గానీ మింగేసింది.

"ఇంకో ప్రశ్నమ్మా. ఉల్లిగడ్డ తింటే ఎట్లుంటాది మీకు?"

మా ఆమె ఒకసారి నన్ను చూసి, తల దించుకుంది. మాది ఉల్లి పండించే ఇల్లు. మా తాత, మా నాయన, నేను ఉల్లి తప్ప వేరే పంటను పంటగా లెక్కపెట్టలేదు. మా ఇంట్లో ఒక ఆచారముంది. పంట తీసిన రోజు తొలి గడ్డను గట్టు మీద పెట్టి, పిడికిలితో గుద్ది పగలగొట్టి, ఇంటిల్లిపాదీ సంగటిలో నంజుకుని పచ్చిదే తినాలి. కొత్త కోడలికి పెద్ద ముక్క. ఆమె కోడలై వచ్చిన ఏడాది మా అమ్మ చేత్తో నోట్లో పెట్టింది. ప్రతి ఏడూ తింటూనే ఉంది.

"ఉబ్బుతాది మేడమ్," అంది తల ఎత్తకుండా. "పచ్చిదైతే శానా. వెల్లుల్లి గూడా అంతే. ఈయనకు షుగరు వచ్చినంక రాత్రిపూట చపాతీలు చేస్తాండా, అవి తిన్న రోజు గూడా. పెండ్లయిన కాన్నుంచి అంతే."

"మరి చెప్పలేదే?"

"ఉల్లిగడ్డ పండించేటోళ్ళింట్లో ఉల్లిగడ్డ పడదని ఎట్ల చెప్పేది మేడమ్? అమ్మోళ్ళింటికి పంపిస్తారు."

ఇన్నేళ్ళు పక్కనే కూర్చుని ఆమె కంచంలో ఉల్లిముక్కలు వేసింది నేనే.

డాక్టరమ్మ అర్థమయ్యేటట్టు చెప్పింది. ఉల్లిలో, వెల్లుల్లిలో, గోధుమలో ఉండే పీచు ఒకటుంది, ఈ పొడి దానికి దాయాది. అది మన పేగులో అరగక కిందికి పోయి, అక్కడి జీవాలకు మేతయి, గాలి పుట్టిస్తుంది. ఎవరికైనా పుడుతుంది. కొంచెంతో మొదలుపెట్టి మెల్లగా పెంచితే చాలామందికి సర్దుకుంటుంది, నాకు సర్దుకున్నట్టు. కానీ కొందరి పేగు మహా సున్నితం. అదే గాలి నాలో పుడితే నాకు నవ్వులాటగా పోతుంది, ఆమెలో పుడితే పేగు సాగి నొప్పిగా చెబుతుంది. బిగింపూ విరేచనమూ మారిమారి వచ్చే ఇట్లాంటి కడుపులకు ఈ పొడి చాలాసార్లు పడదు.

"ఓర్చుకుంటే అలవాటయ్యేది కాదమ్మా మీకు," అంది. "పొడి పూర్తిగా మానెయ్యండి. కొన్ని వారాలు ఉల్లి, వెల్లుల్లి, గోధుమ తగ్గించండి. జొన్నరొట్టె, రాగి సంగటి, అన్నం తినండి. మోషను బిగుసుకుంటే ఇసబ్‌గోల్ కొంచెంతో మొదలుపెట్టి, నీళ్ళు బాగా తాగండి, దాంతో గాలి తక్కువ. తర్వాత ఒక్కొక్కటే కొంచెం తిని చూసి, ఎంత పడుతుందో కనుక్కుందాం. జన్మంతా అన్నీ మానుకోమని చెప్పను. మళ్ళీ ఉబ్బరం పట్టుకుంటే మాత్రం ఓర్చుకోవద్దు, రండి."

"ఉల్లి వాసన లేకుంటే ఈయనకు ముద్ద దిగదు మేడమ్."

"నూనెలో ఉల్లిముక్కలు వేయించి, ముక్కలు తీసేసి, ఆ నూనె వాడుకోండి. ఆ పీచు నీళ్ళలోకి దిగుతాది గానీ నూనెలోకి దిగదు. పచ్చని కాడలు తినండి, అవి మీకు పడతాయి. కింది గడ్డ ఆయనకు పెట్టండి."

బస్సులో కోడుమూరు వచ్చేదాకా ఆమె కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చుంది. ఊరు దగ్గరపడేటప్పుడు అంది.

"అర చెంచానా?"

"అర చెంచానే."

"చిన్న చెంచాలో?"

"చిన్న చెంచాలో."

"పెద్ద మగోడివి!"

ఆ తిట్టు వినగానే నా ప్రాణం కుదుటపడింది.

మరుసటి రోజు రక్తం రిపోర్టు కూడా బాగుందని ఫోను వచ్చింది. అయినా నా భయం ఒక్కసారిగా పోలేదు. ఆమె లోపలి గదిలోకి పోతే చెవి అక్కడే ఉండేది. పొట్ట రోజురోజుకూ మెత్తబడింది. ఒక సాయంత్రం ఆమె గుమ్మానికి ఆనుకోకుండా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పక్కింటామెతో పెద్దగా గొడవపడుతుంటే నాకు నమ్మకం కుదిరింది. పొడి డబ్బా నా వైపు అరలో ఉంది. నేను వేసుకుంటున్నాను, అర చెంచా నుంచి ఇప్పుడు ముప్పావు దాకా వచ్చాను. ముప్పావు అనడం కొంచెం ఎక్కువేమో.

ఉల్లి పీకిన రోజు పాప, అల్లుడు కూడా వచ్చారు. తొలి గంపను చర్చికి పంపించి, గట్టు మీద కూర్చున్నాం. సంగటి నేను కెలికిందే, రెండు మూడు ఉండలున్నాయి. నేను గడ్డను గట్టు మీద పెట్టి పిడికిలితో గుద్దాను. ఒకే దెబ్బకు నాలుగు ముక్కలైంది. నిజం చెప్పాలంటే మూడో దెబ్బకు.

అలవాటు కొద్దీ పెద్ద ముక్క తీసి ఆమె వైపు చాపాను. చాపిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆమె ఆ ముక్కను నా చేతిలోంచి తీసుకుని, కళ్ళకద్దుకుని, నా కంచంలో పెట్టింది.

"నా వంతు గూడా నువ్వే తిను. ఇన్నేండ్లు నేను తింటి."

చేన్లో పంటకు కాడలు ఎండి వాలిపోయాయి గానీ, కాలువ పక్కన ఆలస్యంగా మొలిచిన కొన్ని మొక్కలకు పచ్చని కాడలు ఉన్నాయి. ఆమె లేచి పోయి గుప్పెడు తుంచుకొచ్చింది. కాడలను సంగటిలో నంజుకుని కరకరా నమిలింది. పాప ఆమె పొట్ట వైపే చూస్తూ ఉంది, నేనూ చూస్తూ ఉన్నాను.

"ఏంది, ఇద్దరూ నా కడుపు మింద పడినారు?" అంది. "తినండి. ఈయన కెలికిన సంగటి చల్లారితే రాయి అయితాది."